పుస్తకంలో 90, డబ్బాలో 12

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి ఏడో తరగతి. బళ్ళో పాకెట్ మనీ ప్రాజెక్టు ఇచ్చారు. ఎనిమిది వారాల పాటు వచ్చింది, ఖర్చయింది, మిగిలింది పుస్తకంలో రాయాలి. ప్రతి వారం నూటికి 30 దాచిన పిల్లలకి పూర్తి మార్కులు. వారం వారం తల్లో తండ్రో సంతకం పెట్టాలి. అసలు అంకెలు చెప్పడం ఇష్టం లేక, వాడికి వారానికి ఇచ్చే డబ్బుని 100 అనుకుని మిగతావి ఆ లెక్కలో రాస్తున్నాను. మూడు వారాలూ పుస్తకంలో 70 ఖర్చు, 30 దాపు అని రాశాడు. నేనూ సంతకం పెట్టాను. మొన్న డబ్బా తెరిస్తే 90 ఉండాల్సిన చోట 12 ఉన్నాయి. మధ్యలో వారం డబ్బులు అయిపోయాయంటే రెండుసార్లు 20 చొప్పున నేనే ఇచ్చాను, అవి పుస్తకంలో లేవు. ఒకరోజు చిల్లర లేక నేను ఆ డబ్బాలోంచి 50 తీసుకున్నాను, మళ్ళీ వేసేశాననే అనుకుంటున్నాను. మేం డబ్బులు ఒకసారి ఆదివారం ఇస్తాం, ఒకసారి మర్చిపోయి బుధవారం ఇస్తాం. ఇచ్చిన మూడు రోజుల్లో అవి అయిపోతాయి. మా వారు పుస్తకం చూసి ఒక్కో ఖర్చుకీ ‘ఇది ఎందుకు కొన్నావు’ అని నిలదీస్తారు. వాడికి బ్యాడ్మింటన్ రాకెట్ కావాలి, దాని ధర ఈ లెక్కలో 360. ఇప్పుడు తప్పుడు లెక్క బయటపడ్డాక పాకెట్ మనీ ఆపేద్దాం అంటున్నారు మా వారు. నాలుగో వారం సంతకం ఆదివారం పెట్టాలి. నాకు ఒకటే టెన్షన్. పెట్టనా, వద్దా? వాడికి దాచే అలవాటు ఎలా చేయను? — పేరు వద్దు

సమాధానం:

అమ్మా, సంతకం సంగతికి ముందు ఒక కాగితం తీసుకుని మీరూ నేనూ కలిసి ఈ మూడు వారాల లెక్క కడదాం. మీవాడు ఎంత దాచిపెట్టి చెప్పాడన్నది తేలితే గానీ ఎంత కోపం తెచ్చుకోవాలో కూడా తెలియదు.

మూడు వారాలకి వాడి చేతికి వచ్చింది 300. మీరు మధ్యలో ఇచ్చిన 40 కలిపితే 340. డబ్బాలో ఉన్నది 12. అంటే 328 ఖర్చయి ఉండాలి. పుస్తకంలో 210 అని ఉంది కాబట్టి 118 తేడా. ఇలా చూస్తే పెద్ద మోసంలాగే కనబడుతుంది. కానీ మీరు తీసుకున్న 50 మాట? ‘వేసేశాననే అనుకుంటున్నాను’ అన్నారు. వేయలేదనుకోండి, అప్పుడు వాడు ఖర్చు చేసింది 278. తేడా 68కి దిగింది, వారానికి 23 కన్నా తక్కువ. మీరు నిజంగానే వేసి ఉంటే 118 నిలబడుతుంది. ఇద్దరిలో ఎవరి లెక్క సరిగ్గా లేదన్నది ఈ 50 దగ్గర తేలాలి, ఆ 50 రాసినవాళ్ళు లేరు.

అందుకని ముందుగా వాడిని అడగండి. ‘దొంగ లెక్క ఎందుకు రాశావు’ అని మొదలుపెట్టొద్దు. ‘నేను తీసుకున్న యాభై మళ్ళీ వేశానా, నీకేమైనా గుర్తుందా?’ అని అడగండి. పిల్లలకి ఇలాంటివి బాగా గుర్తుంటాయి. మీకు గుర్తు లేనప్పుడు అనుమానం వాడి పక్షాన ఉంచి, ఆ 50 వాడి ఎదురుగా డబ్బాలో వేయండి. ఒకవేళ రెండోసారి వేసినట్టయినా ఫరవాలేదు. డబ్బా వాడిదేనన్న మాట ఖాయమవడానికి ఆ మాత్రం ఖర్చు పెట్టొచ్చు.

ఇంత చిన్న విషయాన్ని పట్టుకుని కూర్చున్నానని మీకు అనిపించవచ్చు. కానీ ఇచ్చిన మూడు రోజుల్లో డబ్బు అయిపోవడానికీ దీనికీ సంబంధం ఉందని నా అనుమానం. 2013లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలు 28 మందిని తీసుకున్నారు. బొమ్మలు వేసుకోవడానికి మంచి సామాను తెస్తానని పెద్దాయన సగం మందికి చెప్పి, చెప్పినట్టే తెచ్చాడు. మిగతా సగానికి చెప్పి, తీరా వచ్చి ‘అయ్యో, లేవు’ అన్నాడు. ఆ తర్వాత ఒక మిఠాయి ముందు పెట్టి, నేను వచ్చేదాకా తినకుండా ఆగితే రెండోది ఇస్తానన్నారు. మాట నిలబెట్టుకున్న పెద్దాయన్ని చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పినాయన్ని చూసినవాళ్ళు సగటున 3 నిమిషాలే ఆగారు. వాళ్ళు చిన్నపిల్లలు, చాలా తక్కువమంది, మీవాడు ఏడో తరగతి. కాబట్టి దీన్ని వాడి మీద అచ్చుగుద్దినట్టు పెట్టలేం. కానీ ఒక ప్రశ్న మాత్రం వేసుకోవచ్చు. ఆగడం చేతకాక ఖర్చు పెడుతున్నాడా, ఆగితే ఏమవుతుందో నమ్మకం లేక పెడుతున్నాడా?

వాడి వైపు నుంచి చూడండి. డబ్బు ఆదివారం వస్తుందో బుధవారం వస్తుందో తెలియదు. డబ్బాలో ఉంచితే అమ్మ అవసరం పడి తీసుకోవచ్చు. అయిపోతే అమ్మ ఇరవై ఇస్తుంది. ఈ మూడూ తెలిసిన మనిషి, పెద్దవాడైనా సరే, చేతిలో ఉన్నప్పుడే ఖర్చు చేస్తాడు. అది తెలివితక్కువతనం కాదు. ఈ ఏర్పాటులో దాచినవాడే నష్టపోతాడు.

అందువల్ల దాచే అలవాటుకి మొదటి మెట్టు మీ ఇద్దరి వైపు ఉంది. డబ్బు ఇచ్చే రోజు, పూట ఖాయం చేయండి. ఆదివారం సాయంత్రం అంటే ఆదివారం సాయంత్రమే. మర్చిపోతారన్న భయం ఉంటే నాలుగు వారాల డబ్బు ముందే చిల్లరగా తెచ్చి నాలుగు కవర్లలో పెట్టుకోండి. ఈ వయసులో నెలకోసారి మొత్తం ఇవ్వడం కంటే వారానికోసారి ఇవ్వడమే మేలు. తప్పు చేస్తే దాని ఫలితం నాలుగు రోజులు భరించి, అయిదో రోజుకి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. నెల డబ్బు మొదటి వారంలో అయిపోతే మిగతా మూడు వారాలు ఎవరూ భరించలేరు, మీరూ భరించలేరు. మధ్యలో ఇచ్చేస్తారు. ఎనిమిదో తరగతికో తొమ్మిదో తరగతికో వచ్చాక పదిహేను రోజులకి మార్చుకోవచ్చు.

ఇక పుస్తకం. నేను లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి కాస్త అలవాటుగా చెబుతున్నాను, కల్పించి రాసిన లెక్క చూడగానే తెలిసిపోతుంది. మీవాడి పుస్తకం ఇంకోసారి చూడండి. ప్రతి వారం మిగులు కచ్చితంగా ఒకటే అంకె. ఖర్చులన్నీ పదులు, ఇరవైలుగా గుండ్రంగా ఉంటాయి. ఏమీ ఖర్చు లేని రోజు ఒక్కటీ ఉండదు, లేకపోతే అన్నీ ఒకే రోజు రాసినట్టు ఒకే సిరా, ఒకే వాటం. నిజమైన పుస్తకం ఇంత చక్కగా ఉండదు. అందులో కొట్టివేతలుంటాయి, ‘గుర్తు లేదు’ అని ఉంటుంది, ఒక వారం 4 మిగులుతుంది, ఇంకో వారం 31 మిగులుతుంది.

మీవాడు అలా ఎందుకు రాశాడో మీ ఉత్తరంలోనే ఉంది. బళ్ళో 30 దాస్తేనే మార్కులు. ఇంట్లో ప్రతి ఖర్చుకీ నాన్నగారి విచారణ. రెండు వైపులా నిజం రాస్తే నష్టమే. అబద్ధం రాయడం తప్పే, కాదనను. కానీ ఈ పరిస్థితి మార్చకుండా తప్పు చేయొద్దని చెబితే వాడు ఇంకాస్త నేర్పుగా రాయడం నేర్చుకుంటాడు. అంకెలు గుండ్రంగా లేకుండా రాస్తాడు.

మార్చాల్సింది సంతకం పెట్టే పద్ధతి. పుస్తకం చూసి సంతకం పెట్టొద్దు, డబ్బా చూసి పెట్టండి. ఆదివారం డబ్బు ఇచ్చే ముందు ఇద్దరూ కూర్చుని పది నిమిషాల్లో ఈ పని చేయొచ్చు. పోయిన వారం చివర డబ్బాలో, జేబులో కలిపి ఎంత ఉంది? దానికి ఈ వారం వచ్చింది కలపాలి. రాసిన ఖర్చులు తీసేయాలి. వచ్చిన అంకె ‘ఉండాల్సింది’. ఇప్పుడు డబ్బు కుమ్మరించి వాడిచేత లెక్కపెట్టించండి. అది ‘ఉన్నది’. రెంటికీ మధ్య వచ్చేదాన్ని ‘తేడా’ అని పుస్తకంలో ఒక వరుసలో రాయాలి. ఉదాహరణకి 12తో మొదలై, 100 వచ్చి, 85 ఖర్చు రాసి ఉంటే 27 ఉండాలి. లెక్కపెడితే 21 ఉన్నాయి. తేడా 6. రాసేయడమే. ఆ 6 ఎక్కడికి పోయిందో అప్పటికప్పుడు కల్పించి చెప్పనివ్వొద్దు. తేడా ఉండటం తప్పు కాదని, తేడా కనబడకుండా చేయడమే తప్పని వాడికి తెలియాలి. పెద్ద పెద్ద కొట్ల గల్లాపెట్టెలో కూడా రోజు చివర తేడా వస్తుంది, దాన్నీ రాస్తారు.

మీరు చూడాల్సింది ఆ తేడా వారం వారం ఎటు వెళుతోందన్నది. మొదటి వారం నూటికి 15, 20 ఉన్నా కంగారు పడొద్దు, వాడు రాయడం మర్చిపోయిన చిన్న ఖర్చులవి. ఏ రోజు ఖర్చు ఆ రోజు రాత్రి పడుకునే ముందు ఒక్క వరుస రాస్తే మూడు నాలుగు వారాల్లో అది 5 లోపుకి దిగుతుంది. దిగకపోతే, ఎప్పుడూ ఒకే వైపు, అంటే డబ్బు తగ్గుతూనే వస్తుంటే, రాయకుండా వదిలేస్తున్న ఖర్చు ఏదో ఒకటి ఉన్నట్టు. అప్పుడు అడగండి. ఎక్కువసార్లు అది స్నేహితుడికి ఇచ్చిన అప్పో, ఫోన్‌లో ఆటకి పెట్టిన ఖర్చో అవుతుంది. మీ ఫోన్ నుంచి చెల్లించి వాడి డబ్బులోంచి పట్టుకునే అలవాటుంటే అది కూడా అదే రోజు పుస్తకంలో పడాలి. చేతిలోంచి నోటు కదలని ఖర్చు పుస్తకంలోకి రాకపోవడం మామూలే.

మీ వారి విచారణ గురించి. ఇక్కడ మీకు రెండు దారులున్నాయి. ఒకటి, వస్తువుల జోలికి పోకుండా మొత్తాలు మాత్రమే అడగడం. ఏం కొన్నాడన్నది వాడి ఇష్టం, లెక్క సరిపోయిందా లేదా అన్నదే మీ పని. దీనివల్ల మీకు నచ్చనివి కూడా కొంటాడు. రెండు రోజుల్లో విరిగిపోయే బొమ్మ కొంటాడు. అది కళ్ళెదురుగా చూస్తూ నోరు మూసుకోవడం కష్టమే. కానీ పుస్తకం నిజంగా ఉంటుంది. రెండోది, కొనకూడని వాటి జాబితా ముందే చెప్పి, దాని విషయంలో మాత్రం గట్టిగా ఉండటం. ఇది కూడా పనిచేస్తుంది, జాబితాలో మూడు నాలుగు ఉన్నంతవరకు. పదిహేను అయితే మళ్ళీ దొంగ పుస్తకమే. ఇప్పుడు జరుగుతున్నట్టు, ముందు ఏమీ చెప్పకుండా కొన్నాక ప్రశ్నించడం మాత్రం రెండింటికీ చెడ్డది. మీ వారికి ఇది నేను చెప్పానని చెప్పండి, మీరు చెబితే అది మీ ఇద్దరి మధ్య గొడవ అవుతుంది.

పాకెట్ మనీ దేనికన్నది కూడా ఒకసారి కూర్చుని తేల్చుకోండి. పెన్ను అయిపోతే ఎవరు కొనాలి? స్నేహితుడి పుట్టినరోజు బహుమతి ఎవరిది? ఇవి తేలకపోతే వాడు దాచుకున్న డబ్బు మీద ప్రతివారం ఏదో ఒకటి వచ్చి పడుతుంది. చదువుకి కావలసినవి, ప్రయాణం, బళ్ళో తిండి మీవి, మిగతావి వాడివి అని గీత గీసినా సరిపోతుంది. గీత ఎక్కడ గీశారన్నదాని కంటే వారం మధ్యలో జరగకుండా ఉండటం ముఖ్యం.

ఇప్పుడు దాపు. పైన కట్టిన లెక్క ప్రకారం మీ 50 వెనక్కి రాలేదనుకుంటే మూడు వారాల్లో 278, అంటే వారానికి సుమారు 93 ఖర్చు చేశాడు. తన సొంత 100లోంచి నిజంగా మిగల్చగలిగింది 7. బడివాళ్ళు అడుగుతున్నది 30. ఒక్క వారంలో ఖర్చుని 93 నుంచి 70కి దించమని మీ ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పి చూడండి, ఎంతమంది చేస్తారో! అందుకే మొదటి లక్ష్యం 30 కాదు. 20 పెట్టండి. ఖర్చు 80కి దిగితే చాలు, తగ్గించాల్సింది 13. ఏ 13 అన్నది మీరు చెప్పొద్దు, నిజమైన పుస్తకం రెండు వారాలు రాస్తే వాడికే కనబడుతుంది. రోజూ పెట్టే చిన్న ఖర్చు ఒకటి ఉంటుంది, దాన్ని వారానికి రెండు రోజులు మానేస్తే సరిపోవచ్చు.

ఆ 20 ఎప్పుడు పక్కన పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. వారం చివర మిగిలింది దాద్దామంటే మిగలదు. డబ్బు చేతికొచ్చిన నిమిషంలో, పుస్తకం ముందు కూర్చుని ఉండగానే, 20 డబ్బాలోకి వెళ్ళాలి, 80 పర్సులోకి. డబ్బా, పర్సు వేరువేరుగా ఉండాలి. ఒకే చోట ఉంటే ఏది దాపో ఏది ఖర్చుదో గురువారానికి ఎవరికీ తెలియదు. ఇందుకోసం మీరు 100 నోటుగా ఇవ్వకుండా చిల్లరగా ఇవ్వాలి. చిన్న విషయమే గానీ, చిల్లర లేకపోవడం వల్లే చాలా ఇళ్ళల్లో ‘తర్వాత వేస్తాలే’ మొదలవుతుంది.

ఇచ్చిన మూడు రోజుల్లో 80 కూడా అయిపోతుంటే ఆ 80ని రెండుగా చేసి, ఆదివారం 40, గురువారం 40 అని రెండో కవర్లో పెట్టుకోమనండి. కవరు వాడి దగ్గరే ఉండాలి. మీ దగ్గర ఉంటే ఆగింది వాడు కాదు, మీరు.

రాకెట్ లెక్క చూద్దాం. మీ 50 డబ్బాలో పడ్డాక వాడి దగ్గర 62 ఉంటాయి. రాకెట్‌కి ఇంకా 298 కావాలి. వారానికి 20 చొప్పున 15 వారాలు. ప్రాజెక్టు ఇంకో అయిదు వారాల్లో అయిపోతుంది. ఏడో తరగతి పిల్లాడికి 15 వారాలంటే చాలా దూరం, మధ్యలో ఆసక్తి పోయి డబ్బా ఖాళీ అయ్యే ప్రమాదం ఉంది. ఇక్కడ మీకు మూడు దారులు కనబడుతున్నాయి.

వాడిని 15 వారాలు ఆగనివ్వొచ్చు. రాకెట్ మీద నిజంగా మనసుంటే చేస్తాడు. చేస్తే ఆ రాకెట్ పూర్తిగా వాడిదే. అయితే గోడ మీద 15 గళ్ళు గీసి వారానికొకటి నింపించాలి, ఎంత దూరం వచ్చాడో కళ్ళకి కనబడకపోతే మధ్యలో వదిలేస్తాడు.

లేదా మీరు తోడు వేయొచ్చు. వాడు 20 దాస్తే మీరు 10. అప్పుడు వారానికి 30, 298 పదో వారానికి పూర్తవుతుంది, 2 మిగులుతాయి కూడా. ప్రాజెక్టు ముగిసేసరికి డబ్బాలో 212 ఉంటాయి, సగం దాటేసినట్టు. ఇది బాగా పనిచేసే పద్ధతే కానీ ఇందులో ఒక కిటుకు పిల్లలకి త్వరగా తెలిసిపోతుంది. ఆదివారం ఉదయం స్నేహితుడి దగ్గరో, బామ్మ దగ్గరో 20 అప్పు తెచ్చి డబ్బాలో చూపించి, మీ 10 తీసుకుని, సోమవారం అప్పు తీర్చేస్తారు. అందుకని తోడు ప్రతి వారం కాకుండా నాలుగు వారాలకోసారి, డబ్బాలో ఆ నాలుగు వారాలూ తగ్గకుండా ఉన్న మొత్తం మీద వేయండి. అలా వేస్తే ప్రాజెక్టు ముగిసేసరికి 212కి బదులు 202 ఉంటాయి, రాకెట్ పదో వారానికి కాక పదకొండో వారానికి వస్తుంది. ఇంకో సంగతి, మీ వాటా వాడి వాటా కంటే ఎప్పుడూ తక్కువే ఉండాలి. సమానంగానో ఎక్కువగానో వేస్తే వాడికి అది దాపు కాదు, మీ దగ్గర డబ్బు రాబట్టే మార్గం.

మూడోది, రాకెట్‌కి ముందు చిన్న లక్ష్యం ఒకటి పెట్టడం. 60 అయ్యే వస్తువు ఏదైనా, మూడు వారాల్లో వచ్చేస్తుంది. ఇంతవరకు దాచి కొన్న అనుభవమే లేని పిల్లలకి ఇదే మంచిది. నష్టం ఏమిటంటే రాకెట్ మూడు వారాలు వెనక్కి పోతుంది, చిన్నది కొన్నాక రాకెట్ సంగతి మర్చిపోనూ వచ్చు. మీవాడి వయసుకి, అంకెలు చూస్తే, నాకు రెండో దారి మీదే మొగ్గు ఉంది. కానీ తోడు డబ్బు ప్రతిసారీ చెప్పిన రోజుకి వేయగలమా అన్నది మీరు నిజాయితీగా ఆలోచించుకోండి. వేయలేమనిపిస్తే మొదటిదే మంచిది. మాటిచ్చి తప్పడం కంటే మాటివ్వకపోవడం నయం.

మధ్యలో అడిగితే ఇచ్చే ఇరవైల గురించి. అసలు ఇవ్వకూడదని పెట్టుకోవచ్చు. నియమం తేలికే, మొదటి రెండు వారాలు ఇంట్లో గోలగా ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది. లేదా అప్పుగా ఇవ్వొచ్చు. అప్పైతే పుస్తకంలో ‘వచ్చింది’ అన్న వరుసలో రాయాలి, తీర్చే వాయిదా కూడా పక్కనే రాయాలి. 20 అప్పుకి వారానికి 10 చొప్పున రెండు వారాలు పట్టుకోండి. అంతా ఒకేసారి పట్టుకుంటే ఆ వారం వాడి దగ్గర 60 మాత్రమే ఉంటాయి, బుధవారానికి మళ్ళీ అప్పుకి వస్తాడు. పెద్దవాళ్ళు నెలాఖరు అప్పుల్లో చిక్కుకునేదీ ఇలాగే. ఒక అప్పు తీరేదాకా రెండోది లేదన్న నియమం మాత్రం తప్పకుండా ఉండాలి. పాత 40 సంగతి వదిలేయండి. అవి అప్పని అప్పుడు మీరు చెప్పలేదు కదా. కానీ పుస్తకంలో మాత్రం రాయించండి.

పాకెట్ మనీ ఆపేయడం గురించి మీ వారితో ఇలా మాట్లాడొచ్చు. ఆపేస్తే ప్రాజెక్టు అక్కడితో ఆగిపోతుంది, వాడు డబ్బు అడగడం మాత్రం ఆగదు. ఒక్కోసారి ఒక్కో వస్తువుకి అడుగుతాడు, మీరు ఒక్కోసారి ఇస్తారు, ఒక్కోసారి ఇవ్వరు. అప్పుడు వాడు నేర్చుకునేది లెక్క కాదు, ఎవరిని ఏ పూట అడిగితే ఇస్తారన్నది. శిక్ష వేయాల్సిందే అని ఆయన పట్టుబడితే మొత్తం ఆపే బదులు, అయిదు వారాలూ ఆదివారం లెక్క నాన్నగారి ఎదుటే చేయాలని పెట్టండి. షరతు ఒక్కటే, ఆయన అంకెల గురించి మాత్రమే మాట్లాడాలి.

ఇక సంతకం. మూడు దారుల్లో ఒకటి, కళ్ళు మూసుకుని పెట్టేయడం. మార్కులు వస్తాయి. అమ్మకి తెలిసీ పెట్టింది అన్నది కూడా వాడికి తెలుస్తుంది. ఇది నేను చేయమనను. రెండోది, పెట్టకుండా పుస్తకం పంపడం. బళ్ళో అందరి ముందు వాడిని నిలబెట్టినట్టవుతుంది. మూడోది, మొదటి మూడు వారాల పేజీలు చింపకుండా, కొట్టేయకుండా, కింద వాడిచేత ఒక సవరణ రాయించడం. ‘మూడు వారాలకి వచ్చింది 300, అమ్మ ఇచ్చింది 40, అమ్మ తీసుకుంది 50, డబ్బాలో ఉన్నది 12, కాబట్టి ఖర్చయింది 278’ అని. 50 ఏమైందో మీరు తేల్చుకున్నదాన్ని బట్టి ఆ వరుస మారుతుంది. దాని కింద మీరు సంతకం పెట్టండి. నాలుగో వారం నుంచి కొత్త పద్ధతి. లెక్కల్లో తప్పు దిద్దే పద్ధతి కూడా ఇదే. పాతది కనబడుతూ ఉంటుంది, పక్కన సరైనది వస్తుంది.

దీనివల్ల మార్కులు తగ్గవచ్చు. అందుకే పుస్తకం పంపే ముందు మీరు వెళ్ళి టీచర్ గారిని కలవండి. ఫిర్యాదుగా కాదు, ఒక మాట అడగడానికి. నూటికి 30 దాచినవాళ్ళకి మార్కులు అంటే కొందరు పిల్లలు చేయలేరు, ఎందుకంటే ప్రయాణం, తిండి కూడా పాకెట్ మనీలోంచే పెట్టుకునే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. ఎక్కువ డబ్బు వచ్చే పిల్లాడికి 30 పక్కన పెట్టడం లెక్కే కాదు. మార్కులు దాచిన మొత్తానికి బదులు మూడు విషయాలకి ఇవ్వొచ్చని చెప్పండి. ఎనిమిది వారాల్లో ఎన్ని వారాలు డబ్బు లెక్కపెట్టి తేడా రాశారు, అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య దూరం ఎంత తగ్గింది, ఒక వారం తప్పితే తర్వాతి వారం ఏం మార్చారు. అసలు మొత్తాలు క్లాసులో బయటపెట్టకుండా, మీరు ఉత్తరంలో చేసినట్టే, అందరూ 100 లెక్కలోకి మార్చి రాస్తే ఎవరి ఇంట్లో ఎంత ఇస్తారో ఎవరికీ తెలియదు. నూటికి వంతులు లెక్కకట్టడం ఆ తరగతి పాఠమే కాబట్టి టీచర్ గారికి అదీ కలిసొస్తుంది. ఆవిడ ఒప్పుకోకపోతే మీవాడికి నాలుగు మార్కులు పోతాయి. పోతే పోయాయని వాడికి మీరే ముందుగా చెప్పండి, సవరణ రాయడానికి వాడికి ధైర్యం వస్తుంది.

ఎనిమిది వారాలు అయ్యాక రోజూ రాయమని పట్టుబట్టొద్దు. ఏ పిల్లాడూ రాయడు, మనమూ రాయం. ఆదివారం 20 ముందుగా డబ్బాలో వేయడం, నెలకోసారి డబ్బు కుమ్మరించి లెక్కపెట్టడం, ఈ రెండూ ఉంచండి. తేడా నూటికి 10 దాటిన నెలలో మాత్రం ఒక రెండు వారాలు మళ్ళీ రోజూ రాయమనండి, డబ్బు ఎటు పోతుందో తెలిశాక ఆపేయొచ్చు. డబ్బాలోంచి మీకు మళ్ళీ ఎప్పుడైనా చిల్లర కావలసి వస్తే వాడిని అడిగి, ఎంత తీసుకున్నదీ ఎప్పుడు ఇచ్చేదీ చీటీ మీద రాసి డబ్బాలో వేసి తీసుకోండి.